పాత ప్రశ్నపత్రాల కట్ట టేబుల్ మీద పెట్టేముందు

మా అమ్మాయి సీబీఎస్ఈ టెన్త్‌లో ఉన్న ఏడాది, అక్టోబర్‌లో నేను మ్యాథ్స్, సైన్స్ కలిపి 42 పాత పేపర్లు ప్రింట్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి తన టేబుల్ మీద పెట్టాను. ఏదో ఘనకార్యం చేసినట్టే అనిపించింది. తను ఆ బైండింగ్ వైపు చూసి, నా వైపు చూసి, "ఇవన్నీ చెయ్యాలా నాన్నా?" అంది. "వీలైనన్ని చెయ్యమ్మా" అన్నాను.

వీలైనన్ని అంటే ఎన్ని? పేపరుకు మూడు గంటలు. 42 పేపర్లకు 126 గంటలు. రోజుకు రెండు గంటలు కేటాయించినా 63 రోజులు పడుతుంది, అదీ తప్పులు చూసుకునే టైం కలపకుండా. ఈ లెక్క నేను వేయలేదు. తను మాత్రం ఆ క్షణంలోనే వేసుకుందని తర్వాత తెలిసింది. రెండు వారాల పాటు ఆ బైండింగ్ తెరవనే లేదు. దాని మీద అట్లాస్ పెట్టి దాచేసింది.

ఆ తర్వాత కట్ట విప్పి మళ్లీ సర్దాం. ఆ సర్దుడులో తెలిసిన జాగ్రత్తలే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకు మ్యాథ్స్ ఒక్కటే తీసుకుంటాను, ఎక్కువ గందరగోళం జరిగింది అందులోనే కాబట్టి.

మొదట చూడాల్సింది పేపర్ ఏ ఏడాదిదని. పాతదంతా పనికొచ్చేది కాదు. ఇప్పటి టెన్త్ మ్యాథ్స్ పేపర్ 2023 నుంచి ఉన్న పద్ధతి: 80 మార్కులకు 38 ప్రశ్నలు. అందులో ఒక మార్కువి 20, రెండు మార్కులవి 5, మూడు మార్కులవి 6, ఐదు మార్కులవి 4, నాలుగేసి మార్కుల కేస్ స్టడీలు 3. 2020 పేపర్లో 40 ప్రశ్నలుండేవి, కేస్ స్టడీ విభాగమే లేదు. 2019లో 30 ప్రశ్నలే. 2021లో టెన్త్ పరీక్ష జరగలేదు. 2021-22లో ఏడాదిని రెండు టర్మ్‌లుగా చీల్చారు. టర్మ్-1 మొత్తం ఆబ్జెక్టివ్, గంటన్నర. టర్మ్-2 మొత్తం రాతపరీక్ష, రెండు గంటలు, 40 మార్కులు. వీటిలో దేన్నయినా గడియారం పెట్టి పూర్తి పేపరుగా రాయిస్తే పిల్లలకు టైం మీద తప్పుడు అంచనా ఏర్పడుతుంది.

పద్ధతి మారడం కన్నా ఇబ్బంది పెట్టేది సిలబస్ తగ్గడం. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ టెన్త్ మ్యాథ్స్ పుస్తకంలోంచి చాలా తీసేసింది. కన్‌స్ట్రక్షన్స్ చాప్టర్ మొత్తం పోయింది. కోన్ ఫ్రస్టమ్, ఓజైవ్ గ్రాఫులు, కోఆర్డినేట్ జామెట్రీలో త్రిభుజ వైశాల్యం, యూక్లిడ్ డివిజన్ లెమ్మా కూడా పోయాయి. 2020 పేపర్ తీస్తే ఇలాంటివి ఎదురవుతాయి. మా అమ్మాయి ఒక రాత్రి ఫ్రస్టమ్ లెక్క ముందు నలభై నిమిషాలు కూర్చుంది. ఫార్ములా తనకు గుర్తు రావడం లేదనుకుంది. అసలు తన పుస్తకంలోనే అది లేదు. "అందరికీ వచ్చు, నాకే రావట్లేదు" అని ఏడుస్తుంటే, పుస్తకం విషయసూచిక తీసి చూపించేదాకా నమ్మలేదు. ఆ ఏడుపు నేను కొని తెచ్చిపెట్టిందే.

అందుకే పేపర్ పిల్లల చేతికి వెళ్లే ముందు పెద్దవాళ్లు పెన్సిల్, ఈ ఏడాది పాఠ్యపుస్తకం పట్టుకుని ఒకసారి తిరగేయాలి. సిలబస్‌లో లేనిదానిమీద అడ్డంగా ఒక గీత, అంతే. మ్యాథ్స్ రాకపోయినా ఈ పని చేయొచ్చు, చాప్టర్ పేరు విషయసూచికతో పోల్చడమే కాబట్టి. అనుమానం ఉన్నచోట ప్రశ్నార్థకం పెట్టి టీచర్ని అడగమంటే సరిపోతుంది. ఒక్కో పేపరుకు ఇరవై నిమిషాలు పట్టింది నాకు.

రెండో జాగ్రత్త, ఒకే పేపర్‌ని మూడు పేపర్లుగా లెక్కపెట్టకుండా చూసుకోవడం. పేపర్ మీద పైన ఒక కోడ్ ఉంటుంది. మ్యాథ్స్ స్టాండర్డ్‌కి 30/1/1, 30/1/2, 30/1/3 ఇలా. చివరి అంకె సెట్ నంబరు. మధ్య అంకె ఒకటే అయితే ఆ మూడు సెట్లలో చాలా ప్రశ్నలు ఒకటే ఉంటాయి, కొన్ని మాత్రం మారతాయి, వరుస అటూ ఇటూ అవుతుంది. నా 42లో ఇలాంటి కవలలు, ముక్కవలలు బోలెడు. మూడూ చేయిస్తే శ్రమ మూడింతలు, లాభం ఒకటే. పైగా రెండోదాంట్లో మార్కులు బాగా వస్తాయి, ఆ ధీమా ఉత్తుత్తిది. మధ్య అంకె వేరుగా ఉన్నవే ఎంచుకోవాలి. అలాగే కోడ్ 430తో మొదలైతే అది తేలిక స్థాయి బేసిక్ పేపర్. స్టాండర్డ్ రాసే పిల్లల కట్టలో అది కలవకూడదు, ఇటుది అటూ కలవకూడదు.

ఇంత ఏరాక మ్యాథ్స్‌కి మా దగ్గర మిగిలినవి ఆరే ఆరు. తను 2025లో రాసింది కాబట్టి 2023వి రెండు, 2024వి రెండు, బోర్డు ఇచ్చిన శాంపిల్ పేపర్లు రెండు. పాత పేపర్లు cbse.gov.in లో, శాంపిల్ పేపర్లు cbseacademic.nic.in లో ఉచితంగానే దొరుకుతాయి, గైడ్లు కొనక్కర్లేదు. 2019, 2020, టర్మ్ పేపర్లను పారేయలేదు. వాటిని చాప్టర్ల వారీగా కత్తిరించి పద్నాలుగు కవర్లలో వేశాం. చాప్టర్ పూర్తయిన రోజు ఆ కవర్‌లోంచి నాలుగు లెక్కలు తీసి చేసుకోవడానికి. వాటికి టైం లేదు, మార్కుల్లేవు. ఈ కత్తిరింపులు మా అమ్మాయే చేసింది, టీవీ చూస్తూ. ఏ చాప్టర్లోంచి ఎక్కువ వస్తున్నాయో తనకు అప్పుడే తెలిసింది, నేను చెప్పకుండానే.

ఆరు పూర్తి పేపర్లను మాత్రం ముట్టుకోనివ్వలేదు. ముక్కలుగా చేసేసిన పేపర్‌ని ఫిబ్రవరిలో పూర్తిగా రాస్తే అది పరీక్ష కాదు, జ్ఞాపకం. కవర్లో పెట్టి నా బీరువాలో దాచాను. ఒకటి అడిగితే ఒకటే ఇచ్చేవాణ్ని. టేబుల్ మీద ఎప్పుడూ ఒక్క పేపరే ఉండాలన్నది మా నియమం. ఎంత చేసిందో తనకు కనిపించాలి కానీ, ఎంత మిగిలిందో ఎదురుగా గుట్టలా కనిపించకూడదు. 2024 పేపర్లలో ఒకటి చివరి వరకూ ఆపాం. దాన్నెవరూ చూడలేదు, నేను కూడా.

ఇక దిద్దడం. అసలు గొడవలన్నీ ఇక్కడే. మొదటి పేపర్ నేనే ఎర్ర పెన్నుతో దిద్దాను. సిలిండర్‌కి రెండు వైపులా అర్ధగోళాలున్న ఐదు మార్కుల లెక్కలో చివర గుణకారం తప్పింది, సున్నా వేశాను. మొత్తం 51 అని మొదటి పేజీ మీద రాసి గుండ్రంగా చుట్టాను. తను ఏమీ అనలేదు. తర్వాత బోర్డు మార్కింగ్ స్కీమ్ తీసి చూస్తే ఫార్ములాకి ఇంత, విలువలు ప్రతిక్షేపించినందుకు ఇంత అని అర మార్కు, ఒక మార్కు చొప్పున విడదీసి ఉంది. చివరి జవాబు తప్పినా ముందు స్టెప్పులకు మార్కులుంటాయి. వేరే పద్ధతిలో సరిగ్గా చేసినా పూర్తి మార్కులే. ఆ లెక్కన పేపరంతా మళ్లీ దిద్దితే తనకు 51 కాదు, 58. తల్లిదండ్రులు దిద్దితే సాధారణంగా బోర్డు కన్నా పిసినారిగానే వేస్తారని నాకు అనుమానం. సారీ చెప్పి, ఆ పేజీ చించేశాను.

అప్పటి నుంచి మార్కింగ్ స్కీమ్ తన చేతికే ఇచ్చాం, పేపర్ రాసిన మర్నాడు. తనే దిద్దుకునేది. మార్కులు ఎక్కడ రాసుకుందో నేను చూడలేదు. నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎక్కడ ఆగిపోయావు?" జవాబును తను మూడు రకాలుగా విడదీసేది. తెలియదు, తెలుసు కానీ తప్పు చేశాను, టైం చాలలేదు. పేపర్ చివర ఖాళీలో ప్రశ్న నంబర్లు ఈ మూడు వరసల్లో రాసేది. తెలియనివి చాప్టర్ కవర్‌కి వెళ్తాయి, టీచర్‌ని అడగాల్సినవి అవే. రెండో రకానికి మళ్లీ పాఠం చదవక్కర్లేదు, ఆ లెక్కొకటి తిరిగి చేస్తే చాలు. మూడో రకం మూడు పేపర్లలో వరసగా వస్తే సెక్షన్ల వరుస మార్చి చూడాలి. మా అమ్మాయి ఒక మార్కు ప్రశ్నల దగ్గర గంట దాకా ఉండిపోయేది. ఐదు మార్కులవి ముందు రాయడం మొదలుపెట్టాక ఆ మూడో వరస ఖాళీ అయింది.

పని పక్కదారి పట్టిందని చెప్పే గుర్తులు కొన్నున్నాయి. ఒక్క కొట్టివేతా లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో అన్నీ సరైన జవాబులే ఉంటే సొల్యూషన్స్ చూసి రాసిందనుకోవచ్చు. అప్పుడు నిలదీయకండి, పేపర్ల మధ్య ఎడం పెంచండి. మా ఇంట్లో వారానికి ఒకటి అనుకున్నది పది రోజులకొకటి అయింది. మొదటి సెక్షన్ చేసి ఆపేసిన పేపర్లు పోగవుతుంటే పూర్తి పేపర్లకు ఇంకా టైం రాలేదని అర్థం, మళ్లీ కవర్ల దగ్గరికి వెళ్లాలి. నిద్ర తగ్గిపోవడం, తిండి మానేయడం, ఊరికే ఏడవడం రోజుల తరబడి సాగితే అది పేపర్లు సర్దితే తగ్గేది కాదు. స్కూల్ కౌన్సెలర్‌తోనో, డాక్టర్‌తోనో మాట్లాడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 రోజంతా పనిచేస్తుంది.

స్టేట్ బోర్డ్ పిల్లల ఇళ్లలోనూ సర్దేది ఇలాగే, వేరే గుర్తులతో. మన రెండు రాష్ట్రాల్లో టెన్త్‌కి ఒకప్పుడు 11 పేపర్లు, మ్యాథ్స్ పేపర్-1, పేపర్-2 అని రెండు రోజులు. ఇప్పుడు ఒకే పేపర్. కాబట్టి ఆనాటివి కవర్లకే పనికొస్తాయి. 2021లో ఇక్కడా పరీక్షల్లేవు. ఈ ఏడాది పేపర్ నమూనా ఏమిటో ముందు స్కూల్లో అడిగి, దానితో సరిపోయినవే పూర్తి పేపర్లుగా ఉంచుకోవాలి.

పరీక్షకు మూడు రోజుల ముందు పూర్తి పేపర్లు ఆపేశాం. ఆపి ఉంచిన 2024 పేపర్ తీయనా అని అడిగితే వద్దంది. సరే అన్నాను, ఆ పేపర్ ఇప్పటికీ బీరువాలోనే ఉంది. పరీక్ష రోజు హాల్లోంచి తెచ్చుకున్న ప్రశ్నపత్రాన్ని కూడా మడత విప్పకుండా అదే కవర్లో పెట్టాం. మ్యాథ్స్‌లో ఎంత వస్తుందన్న మాట మేమిద్దరం చివరి పరీక్ష అయ్యేదాకా ఎత్తలేదు. ఫోన్ చేసిన బంధువులకు మా ఆవిడ, "అన్నీ అయ్యాక చెప్తాంలెండి" అనేది.