రిఫ్లక్స్ ఉన్న పాపను బడికి పంపే ముందు

రెండుసార్లు జ్వరంతో యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి, పరీక్షల్లో రిఫ్లక్స్, అంటే మూత్రం మూత్రాశయం నుంచి వెనక్కి కిడ్నీ వైపు పోవడం, ఉందని తేలిన పిల్లల తల్లిదండ్రులు చలికాలం గురించి, వర్షాకాలం గురించి అడుగుతుంటారు. నేను పిల్లల డాక్టర్‌ని. నాకు భయం వేసే కాలం వేరే ఉంది: పాప మొదటిసారి బడికి వెళ్ళే నెలలు. అంతవరకు ఇంట్లో బాగానే ఉన్న పిల్లలే ఆ నెలల్లో మళ్ళీ జ్వరంతో వస్తారు.

కారణం మూత్రాశయంలోనే ఉంది. కిడ్నీ నుంచి వచ్చే మూత్రనాళం మూత్రాశయం గోడలోకి ఏటవాలుగా దూరి లోపల తెరుచుకుంటుంది. మూత్రాశయం నిండేకొద్దీ గోడ ఆ ఏటవాలు భాగాన్ని నొక్కి మూసేస్తుంది, కాబట్టి మూత్రం వెనక్కి పోదు. రిఫ్లక్స్ ఉన్న పిల్లల్లో ఆ భాగం పొట్టిగా ఉంటుంది. అందుకే మూత్రం కిడ్నీ వైపు ఎగదన్నుతుంది. పిల్ల ఎదిగేకొద్దీ ఆ భాగమూ పొడుగవుతుంది కనుక తక్కువ గ్రేడు రిఫ్లక్స్ చాలామందిలో దానంతట అదే తగ్గిపోతుంది. సూక్ష్మజీవులు లేని మూత్రం కాస్త వెనక్కి పోతే మామూలుగా కిడ్నీకి పెద్ద నష్టం ఉండదు. సూక్ష్మజీవులను మోసుకుని పోతేనే ప్రమాదం. మూత్రం బిగబట్టుకునే పిల్లలో ఇవి రెండూ కలుస్తాయి: లోపల ఒత్తిడి పెరుగుతుంది, నిలవ ఉన్న మూత్రంలో సూక్ష్మజీవులూ పెరుగుతాయి.

ఒక పాప సంగతి చెబుతాను. వయసు నాలుగున్నర, ఎడమవైపు గ్రేడ్ 3 రిఫ్లక్స్. అంటే మూత్రం కిడ్నీ దాకా వెళ్తోంది, నాళం కాస్త వెడల్పయింది. రోజూ రాత్రి పడుకునే ముందు తక్కువ డోసులో యాంటీబయాటిక్ వేస్తున్నారు. బడిలో చేరిన ఆరు వారాలకు 39 డిగ్రీల సెల్సియస్ జ్వరంతో తీసుకొచ్చారు. "మందు ఒక్క రోజు కూడా మానలేదు డాక్టర్, శుభ్రంగానే కడుగుతున్నాను, నేనేం తప్పు చేశాను?" అని ఆ తల్లి ఏడ్చింది. రోజు ఎలా గడుస్తుందో అడిగాను. ఉదయం ఎనిమిదికి ఇంట్లో మూత్రానికి వెళ్తే, మళ్ళీ సాయంత్రం నాలుగు తర్వాతే. బడి టాయిలెట్ చీకటిగా ఉంటుందని పాప వెళ్ళదు. వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళూ తాగదు. విరేచనం మూడు నాలుగు రోజులకు ఒకసారి, గట్టిగా. ఆ వయసు పిల్లల మూత్రాశయంలో సుమారు 200 మిల్లీలీటర్లే పడతాయి. ఎనిమిది గంటలు అలా ఆపుకుంటే రాత్రి వేసే మందు ఒక్కటే ఎంతని కాపాడుతుంది?

కడగడం గురించి చాలామంది తల్లులు తమను తాము నిందించుకుంటారు. ముందు నుంచి వెనక్కి తుడవడం మంచిదే. కానీ ఈ వయసులో ఇన్ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ రావడానికి బిగబట్టడం, మలబద్ధకం అంతకంటే చాలా పెద్ద కారణాలని నేను గట్టిగా నమ్ముతాను. మలాశయం మూత్రాశయానికి వెనక ఉంటుంది. అది గట్టి మలంతో నిండిపోతే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు.

అందుకే బడి మొదలవడానికి రెండు మూడు నెలల ముందే మలబద్ధకానికి వైద్యం మొదలుపెట్టండి. మలాన్ని మెత్తబరిచే పౌడరు డాక్టర్ రాసిస్తే, నాలుగు రోజులు బాగానే అయిందని ఆపేయకండి. సాగిపోయిన మలాశయం మామూలు స్థితికి రావడానికి నెలలు పడుతుంది. రోజూ మెత్తగా, నొప్పి లేకుండా విరేచనం కావడమే గుర్తు.

మూత్రానికి రెండు మూడు గంటలకోసారి, అనిపించినా అనిపించకపోయినా కూర్చోబెట్టే అలవాటు ఇంట్లోనే చేయండి. కమోడ్ మీద కాళ్ళు వేలాడుతుంటే కింది కండరాలు బిగుసుకుంటాయి, కాబట్టి పాదాల కింద పీట వేయండి. మోకాళ్ళు ఎడంగా ఉండాలి, పాప కొంచెం ముందుకు వంగాలి. అయిపోయాక ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్ళీ ఒకసారి ప్రయత్నించమనండి. ఆ రెండోసారి వచ్చే మూత్రమే లోపల నిలిచిపోయేది. టీచర్‌తో ముందే మాట్లాడి, పాప అడగకపోయినా ఏ సమయాలకు పంపాలో డాక్టర్ చీటీ మీద రాయించి ఇవ్వండి. అడగడానికి సిగ్గుపడే పిల్లలే ఎక్కువ.

రాత్రి మందు గురించి రెండు మాటలు. మూత్రం ఎక్కువసేపు లోపల ఉండేది రాత్రే కాబట్టి అప్పుడు వేస్తాం. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెట్టింపు వేయకండి. 2014లో వెలువడిన రివర్ అనే అమెరికా అధ్యయనంలో, రిఫ్లక్స్ ఉన్న 607 మంది పిల్లలను రెండేళ్ళపాటు చూశారు. రోజూ మందు వేసినవారిలో ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి, కానీ కిడ్నీ మీద మచ్చలు పడడంలో తేడా కనిపించలేదు. మందు వేస్తున్నా వచ్చిన ఇన్ఫెక్షన్లలో ఆ మందుకు లొంగని సూక్ష్మజీవులు ఎక్కువగా కనబడ్డాయి. కాబట్టి జ్వరం వస్తే అదే మందు డోసు పెంచి ఇంట్లో నెట్టుకురావడం కుదరదు.

జ్వరం వచ్చిన రోజు ఏం చేయాలో కూడా ముందే అనుకుని ఉంచుకోండి. 38 డిగ్రీలు దాటితే, జలుబు ఉన్నా సరే, ఆ రోజే మూత్రం పరీక్ష చేయించాలి. ముందు మూత్రం కల్చర్‌కి, అంటే అందులోని సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షకు, ఇచ్చి, ఆ తర్వాతే చికిత్స యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ఈ వరస తప్పితే, ఒకటి రెండు డోసులకే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. అప్పుడు అది ఇన్ఫెక్షనో కాదో, ఏ మందు పనిచేస్తుందో తెలియకుండా పోతుంది. పాపను నీళ్ళతో కడిగి, మొదటి ధార వదిలేసి, మధ్య ధారను స్టెరైల్ డబ్బాలో పట్టండి. గంటలోపు ల్యాబ్‌కి చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. డైపర్ వయసు పిల్లలకు అంటించే సంచిలో పట్టిన మూత్రాన్ని కల్చర్‌కి నమ్మకండి. చర్మం మీది సూక్ష్మజీవులు అందులో కలిసిపోతాయి. వాళ్ళకు సన్నని గొట్టంతో తీయడమే మేలు. రిపోర్టులో మూడు నాలుగు రకాలు కలిసి పెరిగాయని ఉంటే, సాధారణంగా శాంపిల్ పాడైందనే అర్థం.

రిపోర్టు రావడానికి రెండు రోజులు పడుతుంది. అప్పటిదాకా ఆగకుండా, శాంపిల్ ఇచ్చిన వెంటనే మందు మొదలవ్వాలి. చికిత్స రెండు రోజులకు మించి ఆలస్యమయ్యేకొద్దీ కిడ్నీ మీద మచ్చ పడే అవకాశం పెరుగుతుంది. వాంతులతో మందు నిలవకపోయినా, పాప మత్తుగా ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఇంజెక్షన్లు అవసరమవుతాయి. మందు మొదలుపెట్టి 48 గంటలైనా జ్వరం తగ్గకపోతే మళ్ళీ చూపించండి. మందు మార్చాలా, స్కానింగ్ చేయాలా అన్నది అప్పుడు తేలుతుంది.

ఏ లక్షణమూ లేనప్పుడు మాత్రం భయంతో నెలనెలా కల్చర్ చేయించకండి. ఏ ఇబ్బందీ పెట్టని సూక్ష్మజీవులు కనబడతాయి, వాటికీ మందులు వాడితే మొండివే మిగులుతాయి.

ఆ పాప కల్చర్‌లో ఈ.కోలై అనే సూక్ష్మజీవి మిల్లీలీటరుకు లక్షకు పైగా పెరిగింది, రాత్రి వేసే మందుకు లొంగనిది. వేరే యాంటీబయాటిక్ పది రోజులు ఇచ్చాం, రెండో రోజుకే జ్వరం దిగింది. ఆ తర్వాత మలబద్ధకానికి ఆరు నెలలు మందు వాడారు. బడి టాయిలెట్లో లైటు వేయించారు, పదిన్నరకూ ఒంటిగంటకూ ఆయా తోడు వెళ్తోంది. కాళ్ళ కింద పెట్టుకునే పీట మీద పాప తన పేరు తనే రాసుకుంది.