మలేరియా పీసీఆర్ – 7వ పాఠం: ట్యూబులోకి ఎంత రక్తం వెళ్లింది?

ఆరో పాఠంలో థిక్ స్మియర్ వేసి, జీమ్సా రంగు పట్టించి, 100 ఫీల్డులు చూడటం నేర్చుకున్నాం. ఈసారి అదే రక్తాన్ని పీసీఆర్‌కి పెడదాం. స్లైడులో ఏమీ కనబడక, పీసీఆర్ మాత్రం పాజిటివ్ వస్తే ఏది నమ్మాలని కొత్తగా ల్యాబులో చేరినవాళ్లు తప్పకుండా అడుగుతారు. దానికి జవాబు చెప్పే ముందు ఒక లెక్క చూసుకోవాలి. ఒక్కో పరీక్షలో నిజంగా ఎంత రక్తాన్ని వెతికాం?

ముందు స్లైడు సంగతి. సరిగ్గా వేసిన థిక్ స్మియర్‌లో ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సు కింద ఫీల్డుకి 16 దాకా తెల్లకణాలు కనబడతాయని చెప్పుకున్నాం. మైక్రోలీటరు రక్తంలో 8,000 తెల్లకణాలు ఉంటాయని లెక్కకోసం అనుకుంటాం. అంటే 16 కణాలున్న ఫీల్డులో ఉన్నది 0.002 మైక్రోలీటర్ల రక్తం. 100 ఫీల్డులు పూర్తిచేస్తే 0.2 మైక్రోలీటర్లు. కళ్లు లాగేదాకా చూసినా, మనం వెతికింది మైక్రోలీటరులో ఐదో వంతు.

ఇక పీసీఆర్. మామూలు కిట్‌తో 200 మైక్రోలీటర్ల రక్తం తీసుకుని డీఎన్ఏ బయటికి తీసి, చివర్లో దాన్ని 100 మైక్రోలీటర్ల ద్రవంలోకి దించామనుకోండి. ఆ ద్రవంలో ప్రతి మైక్రోలీటరూ 2 మైక్రోలీటర్ల రక్తానికి సమానం. అందులోంచి 5 మైక్రోలీటర్లు పీసీఆర్ ట్యూబులో వేస్తాం. అంటే ట్యూబులోకి వెళ్లింది 10 మైక్రోలీటర్ల రక్తం. స్లైడు మీద వెతికినదానికి 50 రెట్లు. పీసీఆర్ బలంలో పెద్ద భాగం ఇక్కడే ఉంది. రెండో భాగం, మనం వెతికే 18ఎస్ జన్యువు. ఒక్కో పరాన్నజీవిలో దానికి నాలుగైదు నుంచి ఎనిమిది దాకా ప్రతులు ఉంటాయి. ఒక్క పరాన్నజీవి ట్యూబులో పడినా ప్రైమర్లు అతుక్కోవడానికి చాలా చోట్లు దొరుకుతాయి. ఆ జన్యువునే ఎంచుకోవడానికి కారణం అదే.

ఈ లెక్కని చేత్తో చేసి చూడండి. మైక్రోలీటరుకి ఒక పరాన్నజీవి ఉన్న రక్తం అనుకుందాం. 100 ఫీల్డుల్లో సగటున 0.2, పీసీఆర్ ట్యూబులో సగటున 10 ఉంటాయి. సగటు `m` అయినప్పుడు ఒక్కటి కూడా పడకుండా పోయే అవకాశం ఇది:

```
P(0) = e^(-m)
```

స్లైడుకి `m` 0.2 కాబట్టి జవాబు 0.82. అలాంటి రక్తంతో వంద స్లైడులు వేసి, వందా ఎంతో శ్రద్ధగా చూసినా, దాదాపు 82 స్లైడులు నెగెటివ్‌గానే వెళ్లిపోతాయి. ఇందులో చూసినవాళ్ల తప్పేమీ లేదు. పీసీఆర్‌కి `m` 10 కాబట్టి ఖాళీగా పోయే అవకాశం లేనట్టే. అయితే పీసీఆర్‌కీ ఒక హద్దుంది. రక్తంలో పరాన్నజీవులు ఇంకా పదో వంతుకి తగ్గితే ట్యూబులో సగటు 1 అవుతుంది. సగటు ఒకటి అంటే ప్రతి ట్యూబులోనూ ఒకటి ఉంటుందని కాదు. వంద ట్యూబులు పెడితే దాదాపు 37 ట్యూబుల్లో ఏమీ ఉండదు. ఒకే శాంపిల్ మూడు ట్యూబుల్లో పెడితే రెండింట్లో వచ్చి ఒకదాంట్లో రాకపోవడం ఇక్కడే కనబడుతుంది. దాన్ని మెషీన్ తప్పనుకుని పారేయకండి.

ఇప్పుడు ఒక కేసు పట్టుకుని చివరిదాకా వెళ్దాం. అరకు వైపు పనికి వెళ్లొచ్చిన డ్రైవరు. తొమ్మిది రోజులుగా విడిచి విడిచి జ్వరం. మధ్యలో ఇంట్లో మిగిలిన మలేరియా మాత్రలు రెండు రోజులు వేసుకుని ఆపేశాడు. రెండు పూటలు తీసిన స్లైడుల్లో 200 ఫీల్డుల చొప్పున చూసినా ఏమీ లేదు. రక్తం పీసీఆర్‌కి వచ్చింది.

డీఎన్ఏ పెరిగేకొద్దీ మెషీన్ తెర మీద గీత పైకి లేవాలి. మొదటి రన్‌లో వైవాక్స్ గీత లేవలేదు. ఫాల్సిపేరం గీత లేవలేదు. ఇక్కడ తొందరపడి నెగెటివ్ రాయకూడదు. ప్రతి ట్యూబులోనూ మనం కావాలని కలిపే ఇంకో డీఎన్ఏ ఉంటుంది. ఇంటర్నల్ కంట్రోల్ అంటాం. మిగతా శాంపిళ్లలో అది 28వ సైకిల్ దగ్గర లేచింది, ఈ శాంపిల్‌లో అసలు లేవలేదు. అంటే ట్యూబులో పరాన్నజీవి లేదని కాదు, ఏదున్నా కనబడే పరిస్థితి లేదని. అలాంటి ఫలితాన్ని "చెల్లదు" అని రాయాలి. నెగెటివ్ వేరు, చెల్లకపోవడం వేరు. ఈ పాఠంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

కారణం వెతికితే శాంపిల్ ఆకుపచ్చ మూత ట్యూబులో వచ్చింది. అందులో ఉండేది హెపారిన్. అది పీసీఆర్ ఎంజైముని ఆపేస్తుంది, డీఎన్ఏతో పాటే కిట్ చివరిదాకా వచ్చేస్తుంది కూడా. రక్తంలోని హీమ్ కూడా అదే పని చేస్తుంది. చివర్లో దించిన ద్రవం నీళ్లలా ఉండాలి, లేత ఎరుపో గోధుమరంగో కనబడితే కడగడం సరిపోలేదని అర్థం. అనుమానం వస్తే ద్రవాన్ని పది రెట్లు పలచన చేసి మళ్లీ పెట్టండి. అడ్డుపడేదేమీ లేకపోతే పది రెట్ల పలచనకి గీత దాదాపు 3.3 సైకిళ్లు ఆలస్యంగా లేవాలి. అంతకంటే తక్కువ ఆలస్యమైనా, ముందుకంటే త్వరగా లేచినా, అసలు ద్రవంలో అడ్డంకి ఉన్నట్టే. కానీ మన డ్రైవరు లాంటి కేసుల్లో పలచన మీద ఆధారపడకూడదు. ఉన్న నాలుగు పరాన్నజీవులూ పలచనలోనే పోతాయి. ఊదా రంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో మళ్లీ రక్తం తీయించాలి.

తీయించారు. రెండో రన్‌లో ఇంటర్నల్ కంట్రోల్ చక్కగా 28 దగ్గర లేచింది. వైవాక్స్ ప్రైమర్లతో మూడు ట్యూబులు పెడితే ఒకటి 35.8 దగ్గర, ఒకటి 36.4 దగ్గర లేచాయి, మూడోది లేవలేదు. నీళ్లు మాత్రమే వేసిన ట్యూబు, ఖాళీగా మొదటినుంచీ కిట్‌లో నడిపించిన ట్యూబు, రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఈ రెండిట్లో ఏది 38 దగ్గర లేచినా ఆ రన్ మొత్తం పక్కన పెట్టాల్సిందే, ఎందుకంటే మన పాజిటివ్ కూడా దాని పక్కనే ఉంది.

మూడింట ఒకటి ఖాళీ అంటే, పై లెక్కని వెనక్కి తిప్పితే ట్యూబుకి సగటున 1.1 పరాన్నజీవులు, మైక్రోలీటరుకి సుమారు 0.1. మూడు ట్యూబులతో వేసే అంచనా కాబట్టి దీన్ని గట్టి అంకెగా రిపోర్టులో రాయం, మన అవగాహనకే. ఇదే రక్తంలో స్లైడు మీద ఒక్క పరాన్నజీవి కనబడాలంటే సగటున 5,000 ఫీల్డులు చూడాలి. స్లైడు చూసినాయన నెగెటివ్ అని రాయడంలో తప్పేమీ లేదు. వేసుకున్న మాత్రలు చాలావాటిని చంపేశాయి, మిగిలినవి మైక్రోస్కోపుకి అందలేదు. ఇక్కడ పీసీఆర్ ఉపయోగం చికిత్సలోనే కనబడుతుంది. వైవాక్స్ అని తేలితే కాలేయంలో నిద్రపోతున్న రూపాల కోసం జీ6పీడీ ఎంజైము లోపం ఉందేమో చూసుకుని 14 రోజుల ప్రైమాక్విన్ ఆలోచిస్తారు. ఆ నిద్రపోయే రూపాలు స్లైడుకీ దొరకవు, రక్తం మీద చేసే పీసీఆర్‌కీ దొరకవు.

నేను పనిచేసిన ఒక ల్యాబులో మొదట్లో నెస్టెడ్ పీసీఆర్ చేసేవాళ్లం. మొదటి రౌండు ట్యూబు మూత తెరిచి, అందులోంచి కొంచెం తీసి రెండో రౌండుకి వేయాలి. అప్పటికే ఆ ట్యూబులో కోట్లాది ప్రతులు తయారై ఉంటాయి. మూత తెరిచినప్పుడు గాల్లోకి లేచే తుంపర చాలు. ఒకసారి మా నీళ్ల ట్యూబులోనే జెల్ మీద 120 బేస్ జతల వైవాక్స్ గీత రావడం మొదలైంది. బెంచీలు, పిపెట్లు అన్నీ బ్లీచింగ్‌తో తుడిచి, కొత్త కారకాలు తెచ్చి, రెండో రౌండు వేరే గదికి మార్చేదాకా తగ్గలేదు. అప్పటిదాకా ఇచ్చిన బలహీనమైన పాజిటివ్‌లన్నీ తిరిగి చేయాల్సి వచ్చింది. మూత తెరవని రియల్‌టైమ్ పద్ధతిని నేను గట్టిగా సమర్థించేది అందుకే.

ఇంత చెప్పినా, స్లైడు మాత్రమే చేయగలిగిన పనులున్నాయి. పరిస్థితి విషమించిన ఫాల్సిపేరం రోగిలో ఎన్ని శాతం ఎర్రకణాలు పట్టుబడ్డాయి, మందు వేశాక ఆ సంఖ్య ఎలా తగ్గుతోంది, ఇవన్నీ పడక దగ్గర అరగంటలో కావాలి. పీసీఆర్ సైకిల్ సంఖ్య ఆ పనికి రాదు. అందులో చనిపోయినవాటి డీఎన్ఏ కూడా కలిసే ఉంటుంది. చికిత్స పూర్తయిన రెండు వారాలకి పీసీఆర్ పాజిటివ్ వస్తే మందు పనిచేయలేదని తేల్చకండి. స్లైడు తీసి చూడండి. రింగులు ఉన్నాయా, అరటికాయ ఆకారపు గేమెటోసైట్లు మాత్రమే మిగిలాయా అన్నది కంటితో చూస్తేనే తెలుస్తుంది. గేమెటోసైట్లు వారాలపాటు తిరుగుతుంటాయి, కానీ జ్వరం తెప్పించవు. ఇంకొకటి, పీసీఆర్ మనం అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. మలేరియా ప్రైమర్లు వేసిన ట్యూబు మైక్రోఫైలేరియా గురించి నోరు మెదపదు. స్లైడు మీద అది దానంతటదే కనబడుతుంది.

జాతిని గుర్తించడంలో మాత్రం కన్ను మోసపోతుంది. మలేషియాలోని సరవాక్‌లో, కాపిట్ ప్రాంతంలో మైక్రోస్కోపు కింద మలేరియే అనే జాతిగా రాస్తూ వచ్చిన కేసుల్ని బల్బీర్ సింగ్ బృందం డీఎన్ఏతో పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించింది. 208 మంది మలేరియా రోగుల్లో 120 మందిలో కోతుల్లో ఉండే నోలెసై దొరికింది, మలేరియే ఒక్కరిలోనూ లేదు. స్లైడు మీద ఆ రెండింటి పట్టీ రూపాలు ఒకేలా ఉంటాయి. మలేరియే 72 గంటలకోసారి పెరిగితే నోలెసై 24 గంటలకోసారి పెరుగుతుంది కాబట్టి ఆ తేడా తెలియకపోతే ప్రాణాలకే ముప్పు.

వచ్చే పాఠంలో మలం శాంపిల్. అక్కడ ఇదే లెక్క తారుమారవుతుంది, ఎందుకంటే పరాన్నజీవులు సమంగా కలిసి ఉండవు, గట్టి పెంకు ఉన్న గుడ్లు పగలకపోతే డీఎన్ఏ బయటికి రాదు, అడ్డుపడే పదార్థాలు రక్తంలోకంటే చాలా ఎక్కువ.

అభ్యాసం: 400 మైక్రోలీటర్ల రక్తం తీసుకుని 50 మైక్రోలీటర్లలోకి దించారు, ట్యూబులో 5 వేశారు. మైక్రోలీటరుకి 0.1 పరాన్నజీవి ఉంటే ట్యూబు ఖాళీగా ఉండే అవకాశం ఎంత? ఇలా ట్యూబులో నాలుగు రెట్ల రక్తం వేసినప్పుడు ఇంటర్నల్ కంట్రోల్ 28 బదులు 31 దగ్గర లేస్తే, లెక్కలో వచ్చిన లాభం నిజంగా మిగిలిందా? రెండో ప్రశ్నకి జవాబు రాసేటప్పుడు పది రెట్ల పలచన ఫలితం ఎలా ఉంటుందో కూడా ఊహించి రాయండి.