జర్మనీ లీడ్లు, నాలుగో పాఠం: "లోన్ పెడతాం" అన్నవాళ్లని ఏం అడగాలి?

పోయిన పాఠం చూసి ఫేస్‌బుక్‌లో యాడ్ వేసిన కన్సల్టెన్సీలవాళ్లలో చాలామంది ఒకటే మాట రాశారు: లీడ్లు, అంటే ఫారం నింపిన పిల్లల వివరాలు, బాగానే వచ్చాయి, ఫోన్ చేస్తే మాత్రం "ఫ్రీ అన్నారుగా సార్" అంటున్నారు. మీరు పంపిన యాడ్లు చూశాను. "జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు" అన్న మొదటి లైన్ ఉంచి, ఖర్చు చెప్పే రెండో లైన్ తీసేశారు. ఈ రోజే దాన్ని తిరిగి పెట్టండి: "మొదటి ఏడాది ఖర్చు కోసం 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి." బ్లాక్డ్ అకౌంట్ అంటే నెలకి ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతా. నెలకి 992 చొప్పున పన్నెండు నెలల లెక్క అది. యూరో 101 రూపాయలు ఉన్నా, 12 లక్షల పైమాటే. ట్యూషన్ లేదన్నది కూడా అన్నిచోట్లా నిజం కాదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మన పిల్లల దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటారు. ఈ లైన్ పెడితే లీడ్లు తగ్గుతాయి. తగ్గనివ్వండి.

ఫారం తయారు చేయడం మళ్లీ చెప్పను. ఫారం రకంలో `Higher intent` ఎంచుకోండి, వాట్సాప్ నంబర్‌ని విడిగా టైప్ చేయించండి. ఫేస్‌బుక్ తనంతట తను నింపే నంబర్ చాలాసార్లు పాతది.

ఇక అసలు చిక్కు. "మీ బడ్జెట్ ఎంత?" అని అడిగి ఐదు లక్షలు, పది లక్షలు, పదిహేను లక్షలు అని ఆప్షన్లు పెడుతున్నారు. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడికి ఆ సంగతి తెలియదు. ఏదో ఒకటి నొక్కుతాడు, లేదా "లోన్" అని రాస్తాడు. దాన్ని మీరు బడ్జెట్ ఉన్నట్టు లెక్కేసుకుంటున్నారు. లోన్ అన్నది బడ్జెట్ కాదు, ఇంకా తేలని విషయం. ఎంత అని కాకుండా, డబ్బు ఎక్కడినుంచి అని అడగండి. ఆప్షన్లు నాలుగు: చేతిలో ఉంది, ఇల్లు లేదా ప్లాటు తనఖా పెట్టి లోన్, తనఖా లేకుండా ఇంట్లో జీతం ఉన్నవారి సంతకంతో లోన్, ఇంట్లో ఇంకా మాట్లాడలేదు. నాలుగోది తీసేయకండి. అది లేకపోతే ఇంట్లో మాట్లాడనివాళ్లంతా మూడోది నొక్కుతారు.

రెండో ఆప్షన్ ఎంచుకున్నవాళ్లని ఫోన్‌లో వెంటనే అడగాల్సింది: "ఆస్తి ఏంటి, ఎవరి పేరు మీద ఉంది?" మన జిల్లాల్లో ఎక్కువగా వచ్చే జవాబు "పొలం ఉందండి". ఎడ్యుకేషన్ లోన్‌కి వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు తనఖాగా తీసుకోవు, ఎందుకంటే అప్పు తీరకపోతే సర్ఫేసీ చట్టం కింద దాన్ని స్వాధీనం చేసుకోలేవు. ఎన్ని ఎకరాలున్నా అంతే. ఊళ్లో ఇల్లు ఉందన్నా, దానికి ప్లాన్ అప్రూవల్, లింక్ డాక్యుమెంట్లు ఉన్నాయా అని అడగాలి. ఆస్తి తాత పేరు మీదే ఉండిపోయి, అన్నదమ్ముల మధ్య పంపకాలు కాకపోతే అక్కడే ఆగిపోతుంది. మూడో ఆప్షన్‌కి అడగాల్సింది సంతకం చేసేవారి ఐటీ రిటర్న్స్. నాన్నకి లేకపోతే, ఉద్యోగం చేసే అన్నయ్యో బావగారో ఉన్నారా అని అడగండి.

ఒక లీడ్ అనుకుందాం. జూన్ 20, ఒంగోలు, మెకానికల్ బీటెక్ పూర్తయింది, ఇన్‌టేక్ "అక్టోబర్", డబ్బు "తనఖా లోన్". ఫోన్ చేస్తే ఆస్తి పొలం, డిగ్రీ కాగితాలు అసలువేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి అప్లై చేయలేదు. వింటర్ సెమిస్టర్‌కి చాలా యూనివర్సిటీల గడువు జూలై 15, కొన్నింటికి అంతకు ముందే అయిపోయింది. ఏపీఎస్ చేతికి రావడానికి వారాలు పడుతుంది. అంటే ఈ అక్టోబర్ కుదరదు. చాలామంది ఇక్కడ "ట్రై చేద్దాం" అని ఫీజు కట్టించుకుంటారు. అది చేయకండి. "ఏప్రిల్‌లో మొదలయ్యే సమ్మర్ సెమిస్టర్‌కి గడువు మామూలుగా జనవరి 15, కానీ కోర్సులు తక్కువ. వచ్చే అక్టోబర్ అయితే టైమ్ ఉంది. ఈలోగా ఏపీఎస్ పెట్టండి, సంతకం ఎవరు చేస్తారో ఇంట్లో తేల్చండి" అని చెప్పి, షీట్‌లో ఇన్‌టేక్ కాలమ్ మార్చి, సెప్టెంబర్ మొదటి వారానికి మళ్లీ ఫోన్ తేదీ వేయండి. ఈ లీడ్ చెడ్డది కాదు, తేదీ మారిందంతే.

వేగం గురించి: ఫారం నింపిన ఐదు నిమిషాల్లో వాట్సాప్, వెనకే ఫోన్. అదే ఫారం ఆ పిల్లాడు ఇంకో ఇద్దరికి కూడా నింపి ఉంటాడు. రాత్రి పదకొండుకి వచ్చినవాళ్లకి "రేపు పదింటికి ఫోన్ చేస్తాం, ఏపీఎస్ ఉందా?" అని ఒక్క ప్రశ్నతో మెసేజ్ వెళ్లాలి. జవాబిచ్చినవాళ్లకే ఉదయం మొదటి ఫోన్. రెండో ఫోన్ మాత్రం నాన్నకి, సాయంత్రం ఏడు తర్వాత. డబ్బు మాట అప్పుడే తేలుతుంది. సీఎస్‌వీ డౌన్‌లోడ్ చేసుకుని మధ్యాహ్నం చూసే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. లీడ్ నేరుగా షీట్‌లోకి, షీట్ నుంచి ఫోన్‌కి రావాలి.

అభ్యాసం: మీ పాత లీడ్లలో "లోన్" అని ఉన్న ముప్పైమందికి ఈ వారం ఫోన్ చేయండి. ఆస్తి రకం, ఎవరి పేరు మీద ఉంది, సంతకం ఎవరిది, ఏపీఎస్ స్థితి, నిజంగా కుదిరే ఇన్‌టేక్ అని ఐదు కాలమ్స్ నింపి పంపండి. ఫోన్ ఎత్తనివాళ్ల వరసలు ఖాళీగా ఉంచకండి, ఏ టైమ్‌కి చేశారో రాయండి. వచ్చే పాఠం ఆ షీట్ల మీదే.