‘వెళ్లి, కోసి, అమ్మాడు’: గొలుసు వాక్యాన్ని ఉపవాక్యం నుంచి వేరు చేయడం ఎలా?

బడిలో సంశ్లిష్ట వాక్యం గురించి చదివే ఉంటారు. ఒక సమాపక క్రియ, దానికి ముందు ఒకటో రెండో అసమాపక క్రియలు ఉంటే అది సంశ్లిష్ట వాక్యం. ఈ లెక్కన ‘తోటకు వెళ్లి మోటారు వేశాడు’, ‘తోటకు వెళితే మోటారు వేస్తాడు’ రెండూ ఒకే కోవలోకి వస్తాయి. వెళ్లి, వెళితే రెండూ తమంతట తాము వాక్యాన్ని ముగించలేవు కాబట్టి పరీక్షకు ఆ వివరణ సరిపోతుంది. కానీ ఈ రెండు వాక్యాలు కట్టిన తీరు వేరు. రెండో దానిలో ‘వెళితే’ అసలు మాటకు పెట్టిన షరతు, అంటే దానికి లోబడిన ఉపవాక్యం. మొదటి దానిలో ‘వెళ్లి’ షరతూ కాదు, వివరణా కాదు. కథలో అదొక పూర్తి ఘట్టం. దానికి లేనిది సొంత ముగింపు మాత్రమే. ఆ ముగింపు చివరి క్రియ నుంచి అందుతుంది.

ఇలా ఘట్టం వెంట ఘట్టాన్ని పేర్చి, చివర ఒక్క క్రియతో ముగించే పద్ధతి క్రియ చివర వచ్చే భాషలు చాలావాటిలో ఉంది. తుర్కీ, జపనీస్, కొరియన్, పపువా న్యూ గినీలోని ఎన్నో భాషలు ఇలాగే నడుస్తాయి. భాషాశాస్త్రంలో దీన్ని వాక్యాల గొలుసు అంటారు. ఇది మామూలు ఉపవాక్యం కంటే ఎలా వేరో తెలుసుకోవడానికి తెలుగువారికి బయటి ఉదాహరణలు అక్కర్లేదు. నల్లగొండ బత్తాయి తోటలో ఒక ఉదయాన్ని చెప్పే ఈ వాక్యం చాలు:

‘యాదయ్య తెల్లవారకముందే లేచి, తోటకు వెళ్లి, కరెంటు రాగానే మోటారు వేసి, కూలీలు వచ్చాక బత్తాయిలు కోయించి, ఏరి, ఆటోలో మార్కెట్‌కు తీసుకెళ్లి అమ్మాడు.’

మొదట: నిజమైన క్రియలను ఏరండి

చివరి క్రియ ‘అమ్మాడు’ కింద గీత గీయండి. తర్వాత మిగిలిన క్రియలన్నీ విడిగా రాసుకోండి. ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. ‘చేసి’, ‘విరిగి’ లాంటి క్త్వార్థక రూపం కనబడిన ప్రతిచోటా ఒక ఘట్టం ఉండదు. ‘కొమ్మ విరిగిపోయింది’లో విరగడం ఒకటి, పోవడం ఇంకొకటి కావు. రెండూ కలిసి ఒకే క్రియ. అనుమానం వస్తే మధ్యలో ఒక మాట దూర్చి చూడండి. ‘విరిగి నిన్న పోయింది’ అనలేం, కాబట్టి అది ఒకటే క్రియ. ‘వెళ్లి నిన్న వేశాడు’ అనగలం, కాబట్టి అవి రెండు. మన వాక్యంలో ‘తీసుకెళ్లి’ని కూడా ఒకటిగానే లెక్కించాలి.

తర్వాత: చివరి క్రియను ఆజ్ఞగా మార్చండి

అన్ని పరీక్షల్లో నేను ముందుగా చేసేది ఇదే. చిన్న వాక్యాలతో చూద్దాం.

తోటకు వెళ్లి మోటారు వెయ్యి.
తోటకు వెళ్లాక మోటారు వెయ్యి.
తోటకు వెళితే మోటారు వెయ్యి.

మొదటి మాట విన్న కొడుకు ఇంట్లోనే కూర్చుంటే తండ్రి మాట కాదన్నట్టే. వెళ్లమనీ, వేయమనీ రెండు ఆజ్ఞలు అందులో ఉన్నాయి, ‘వెయ్యి’లోని ఆజ్ఞ వెనక్కి పాకి ‘వెళ్లి’ని కూడా పట్టుకుంది. రెండో మాటలో వెళ్లడం ఎలాగూ జరిగేదిగా తీసుకున్నారు, ఆజ్ఞ వేయడం మీదే ఉంది. మూడో మాట విని వెళ్లకపోయినా కొడుకు తప్పేమీ లేదు. ఆజ్ఞ ఎంతవరకు పాకిందో చూస్తే గొలుసు ఎక్కడ ఉందో, ఉపవాక్యం ఎక్కడ ఉందో చాలావరకు తేలిపోతుంది.

కాలం కూడా ఇలాగే పాకుతుంది. ‘నిన్న వెళ్లి వేశాడు’ అన్నా ‘రేపు వెళ్లి వేస్తాడు’ అన్నా ‘వెళ్లి’ మారలేదు. వెళ్లింది నిన్ననో రేపో చెప్పే భారం చివరి క్రియే మోస్తోంది. భూతకాలిక అసమాపకం అని పేరున్నా ఆ రూపం చెప్పేది ‘దీనికి ముందు’ అని మాత్రమే.

ప్రశ్న వేయండి, వ్యతిరేకం చేయండి

‘తోటకు వెళ్లి మోటారు వేశావా?’ అని అడిగితే ‘లేదు, అసలు వెళ్లనే లేదు’ అన్నది సూటి జవాబు. ‘తోటకు వెళ్లాక మోటారు వేశావా?’ అని అడిగినప్పుడు అదే జవాబు ఇస్తే, అడిగినవారి నమ్మకాన్ని సరిదిద్దినట్టు అవుతుంది. వెళ్లావని వారు ముందే అనుకున్నారు.

వ్యతిరేకం దగ్గర తేడా ఇంకా లోతుగా కనిపిస్తుంది. ‘వాడు అన్నం తిని వెళ్లలేదు’ అని తల్లి అంటే ఏమిటి అర్థం? వాడు వెళ్లాడు, తినకుండా వెళ్లాడు. ‘లేదు’ అతికింది ‘వెళ్లు’కి, దెబ్బ తగిలింది ‘తిను’కి. అదే ‘వాడు అన్నం తిన్నాక వెళ్లలేదు’ అంటే, నొక్కకుండా మామూలుగా పలికినప్పుడు, తిన్నాడు, ఇంట్లోనే ఉండిపోయాడు. రెండు వాక్యాలకూ తేడా ఒక్క ప్రత్యయమే అయినా జరిగిన సంగతి తలకిందులైంది. ఉపవాక్యం వ్యతిరేకాన్ని తన గడప దాటి రానివ్వదు. గొలుసులో అది ఏ కొక్కెం మీదైనా పడవచ్చు, ఎక్కడ పడిందో సందర్భం, ఒత్తి పలికిన మాట తేలుస్తాయి.

గొలుసులోని ఘట్టం చివరి క్రియ మీద ఆధారపడుతుంది, కానీ దానిలో భాగంగా ఒదిగిపోదు. ఆధారపడటం, ఒదగడం రెండు వేర్వేరు సంగతులని గుర్తించినందువల్లే భాషాశాస్త్రవేత్తలు విలియం ఫోలీ, రాబర్ట్ వాన్ వాలిన్ 1984లో ఈ మధ్యస్థ సంబంధాన్ని ‘కోసబార్డినేషన్’ అనే పేరుతో విడిగా నిలబెట్టారు. తెలుగు వ్యాకరణం నేర్పేవారు ఈ విభజనను తప్పక చెప్పాలని నా అభిప్రాయం. అది లేకపోతే ‘తిని’, ‘తిన్నాక’ల మధ్య ఉన్న ఇంత పెద్ద తేడాకు కారణమే దొరకదు.

‘ఎలా?’, ‘ఎందుకు?’ అని అడగండి

పై పరీక్షలు పట్టుకోలేనిది ఒకటి ఉంది. ‘నడిచి రా’ అన్నప్పుడు ఆజ్ఞ నడవడం మీద కూడా పడుతుంది. అంతమాత్రాన ఇది గొలుసు కాదు. ‘ఎలా వచ్చావు?’ అంటే ‘నడిచి’ అని జవాబు చెప్పగలం. రావడం, నడవడం రెండు ఘట్టాలు కావు, ఒకే ప్రయాణం. ఇక్కడ ‘నడిచి’ క్రియా విశేషణం. కాబట్టి ఆజ్ఞ పరీక్ష నెగ్గిన ప్రతి క్రియకూ ఇంకొకటి చేయాలి. వాక్యాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు సమాపక క్రియ ఇవ్వండి. ‘తోటకు వెళ్లాడు. మోటారు వేశాడు.’ కథ చెక్కుచెదరలేదు, అది గొలుసు. ‘నడిచాడు. వచ్చాడు.’ అంటే లేని రెండో పని పుట్టుకొచ్చింది, అది గొలుసు కాదు. ఒకే ‘ఇ’కారాంత రూపం మూడు పనులు చేస్తుంది: ఘట్టాన్ని కలుపుతుంది, పని తీరు చెబుతుంది, జంట క్రియలో ఇమిడిపోతుంది. రూపాన్ని చూసి తీర్పు ఇవ్వకూడదనడానికి కారణం ఇదే.

కర్త మారిందా చూడండి

‘సమానకర్తృకయోః పూర్వకాలే’ అని పాణిని సూత్రం. ఇద్దరు కర్తలు కాకుండా ఒక్కరే అయినప్పుడు, ముందు జరిగిన పనికి క్త్వా ప్రత్యయం వస్తుంది. తెలుగు క్త్వార్థకం కూడా చాలావరకు ఇదే దారిలో నడుస్తుంది. ‘యాదయ్య పిలిచి కూలీలు వచ్చారు’ అని ఎవరూ అనరు. కానీ ‘వానలు పడి చెరువులు నిండాయి’ అని అందరూ అంటారు. కురిసింది వానలు, నిండింది చెరువులు. ఎవరూ కావాలని చేయని పనులు కారణ కార్యాలుగా జరిగినప్పుడు తెలుగు ఈ సడలింపు ఇస్తుంది. ‘చెరువులు ఎందుకు నిండాయి?’ అంటే ‘వానలు పడి’ అని జవాబు వస్తుంది కాబట్టి, ఇది కారణం చెప్పే ఉపవాక్యం వైపు ఒరిగింది.

పపువా న్యూ గినీలోని అమెలె వంటి భాషల్లో గొలుసులోని క్రియే తర్వాతి ఘట్టంలో కర్త అదేనా, మారుతుందా అని ముందుగా ప్రకటిస్తుంది. తెలుగులో అలాంటి రూపాల జంట లేదు. కర్త మారే చోట మనం ‘పిలవగా’, ‘పిలిస్తే’ల వైపు వెళతాం. ‘యాదయ్య పిలిస్తే కూలీలు వచ్చారు’లో షరతు లేదు. పిలిచాడు, వచ్చారు, అంతే. ముక్కలు చేసినా కథ నిలుస్తుంది. అయితే వ్యతిరేకం చేసి చూడండి: ‘యాదయ్య పిలిస్తే కూలీలు రాలేదు.’ పిలవడం జరిగింది, రానిది కూలీలే. ‘లేదు’ గడప దాటలేదు. కథ నడపడంలో గొలుసులా, కట్టడంలో ఉపవాక్యంలా ఉండే ఇలాంటి రూపాలను బలవంతంగా ఒక గదిలో పెట్టవద్దు. ఏ పరీక్ష ఎటు తీర్పు ఇచ్చిందో రెండూ రాసుకోండి.

ఇప్పుడు యాదయ్య వాక్యం

‘అమ్మాడు’ను ‘అమ్ము’గా మార్చండి. లేచి, వెళ్లి, వేసి, కోయించి, ఏరి, తీసుకెళ్లి, ఈ ఆరింటి మీదా ఆజ్ఞ పడుతుంది. ఆరూ విడివిడి వాక్యాలుగా నిలుస్తాయి, కర్త ఆసాంతం యాదయ్యే. ‘తీసుకెళ్లి’ దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ‘ఎక్కడ అమ్మాడు?’ అన్న ప్రశ్నకు అది పాక్షికంగా జవాబు చెబుతోంది. అయినా తీసుకెళ్లడం, అమ్మడం వేర్వేరు పనులే, కాబట్టి గొలుసే. తెల్లవారకముందే, కరెంటు రాగానే, కూలీలు వచ్చాక, ఈ మూడూ ‘ఎప్పుడు?’కు జవాబులు. తెల్లవారమని, కరెంటును రమ్మని, కూలీలను రమ్మని యాదయ్యకు ఎవరూ చెప్పలేదు. ఒక్కొక్కటీ తన పక్కనున్న క్రియనే అంటిపెట్టుకుంది: కరెంటు రావడం మోటారు వేయడానికి గడువు, అమ్మకానికి కాదు.

రాసేటప్పుడు దీన్ని వాడటం

‘రైతు దరఖాస్తు నింపి సంతకం చేయలేదు’ అని ఒక కాగితంలో ఉంటే చదివేవారికి రెండు అర్థాలు వస్తాయి. నింపాడు కానీ సంతకం మరిచాడా? అసలు రెండూ చేయలేదా? గొలుసు చివర ‘లేదు’, ‘కాదు’, ‘వద్దు’ వచ్చిన ప్రతిసారీ ఆగి, వ్యతిరేకం ఏ పని మీద పడాలో నిర్ణయించుకోండి. చివరి పని మీదే అయితే గొలుసును తెంచండి: ‘దరఖాస్తు నింపాడు కానీ సంతకం చేయలేదు.’ ముందున్న పని మీద అయితే ‘కుండా’ వాడండి: ‘దరఖాస్తు నింపకుండా సంతకం చేశాడు.’ రెండింటి మీదా అయితే రెండింటినీ చెప్పండి: ‘దరఖాస్తు నింపలేదు, సంతకమూ చేయలేదు.’