టెక్నికల్ కాల్‌లో ఉద్యోగ విరామం ప్రశ్న దగ్గరే మాట ఆగిపోతే: సమస్య - పరిష్కారం

సమస్య: 2023 మార్చి నుంచి అక్టోబరు వరకు ఏం చేశారని ఇంటర్వ్యూ చేసే ఇంజనీరు అడుగుతారు. మీరు జవాబిచ్చిన తరువాత కూడా అదే ప్రశ్న వేరే మాటల్లో మళ్లీ వస్తుంది. ముప్పావు గంట కాల్‌లో కోడ్‌కు దక్కవలసిన సమయం అక్కడే కరిగిపోతుంది.

కారణం: చాలాసార్లు ఇది అనుమానం కాదు, జవాబులోని లోటు. "వ్యక్తిగత కారణాలు" అని ఊరుకుంటే ఏదో దాస్తున్నట్లు వినిపిస్తుంది. ఆసుపత్రి వివరాలన్నీ ఏకరువు పెడితే అసలు విషయం అందులో మునిగిపోతుంది. ఆ ఇంజనీరు తెలుసుకోదలచింది మీ చెయ్యి ఇప్పటికీ కోడ్ మీద ఆడుతోందా అన్నదే.

పరిష్కారం: అడిగేవరకు ఆగకుండా, స్వపరిచయంలోనే తేదీలు, ఒక్క వాక్యంలో కారణం, ప్రస్తుత స్థితి వరుసగా చెప్పండి. స్ప్రింగ్ బూట్ 2.7 మీద పనిచేసిన జావా డెవలపర్ ఒకరు ఇలా చెప్పవచ్చు: "ఫిబ్రవరి నెలాఖరున రాజీనామా చేశాను. నాన్నగారి శస్త్రచికిత్స, ఆపై ఆయన సంరక్షణ నేనే చూసుకున్నాను. ఇప్పుడు ఆయన కోలుకున్నారు, నేను పూర్తి సమయం పనిచేయగలను. ఆగస్టు నుంచి నా పాత సొంత ప్రాజెక్టును స్ప్రింగ్ బూట్ 3కు మార్చాను." ఇక్కడ ఆగిపోవాలి. తరువాతి ప్రశ్న సహజంగా ఆ మార్పు మీదికే వెళుతుంది. జావా 17 ఎందుకు తప్పనిసరి అయిందో, `javax` ప్యాకేజీలు `jakarta`గా మారినప్పుడు ఏ లైబ్రరీలు మొరాయించాయో నిజంగా చేసినవారు తడుముకోకుండా చెప్పగలరు. చేయని పనిని మాత్రం చెప్పకండి, రెండో ప్రశ్నకే బయటపడుతుంది. ఏమీ చదవలేకపోయి ఉంటే ఆ మాటే చెప్పి, ఈ మధ్య తిరిగి మొదలుపెట్టినదేదో చెప్పడం మేలు. ఉద్యోగాల కోతలో పోయిన ఉద్యోగమైతే "మా బృందాన్ని తొలగించారు" అంటే చాలు. పాత సంస్థపై ఫిర్యాదు అక్కరలేదు. సొంత అనారోగ్యమైతే జబ్బు పేరు చెప్పనవసరం లేదు.

సమస్య: కాల్ బాగానే జరిగినా, తరువాత వెరిఫికేషన్‌లో తేదీలు కలవలేదంటారు.

కారణం: రెజ్యూమేలో నెలలు లేకుండా సంవత్సరాలే వేయడం, లేదా విరామాన్ని కప్పడానికి చివరి పనిదినాన్ని తరువాతి తేదీకి మార్చి వేయడం. కన్సల్టెన్సీల నకిలీ అనుభవ పత్రాలు కూడా ఇక్కడే దొరికిపోతాయి, ఎందుకంటే పీఎఫ్ ఖాతా సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ, వైదొలగిన తేదీ రెండూ ఉంటాయి.

పరిష్కారం: కాల్‌కు ముందే రిలీవింగ్ లెటర్‌ను, సర్వీస్ హిస్టరీని పక్కపక్కన పెట్టి, రెజ్యూమేలో నెలతో సహా అవే తేదీలు రాయండి. పాత సంస్థ వైదొలగిన తేదీని నమోదు చేయకపోతే, చివరి పీఎఫ్ జమ తరువాత రెండు నెలలు గడిచాక సభ్యులే పోర్టల్‌లో `Mark Exit` ద్వారా నమోదు చేసుకోవచ్చు.

విరామం ఇన్ని నెలలు దాటితే తీసుకోబోమనే నియమం ఏదైనా సంస్థ పెట్టుకుని ఉంటే, ఎంత చక్కటి జవాబూ దాన్ని మార్చలేదు. అందుకే కాల్ ఖరారు చేసుకునేటప్పుడే మీ తేదీలు రిక్రూటర్‌కు చెప్పి, అటువంటి నియమం ఉందేమో అడగండి.