వ్యాసం పేపర్లో నాలుగు అంశాలూ రాయగలననిపిస్తే ఏది ఎంచుకోవాలి

రాయగడలో సాయంత్రాలు సివిల్స్‌కు చదివే పిల్లల వ్యాసాలు దిద్దుతుంటాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకాలు ఇంగ్లిష్‌లో. ఏ మాధ్యమంలో రాసినా వీళ్లందరూ ఇరుక్కునేది ఒకే చోట.

సమస్య ఇలా కనిపిస్తుంది. పేపరు చేతికొచ్చి ఇరవై నిమిషాలవుతుంది. నాలుగు అంశాల పక్కనా చిన్న చిన్న టిక్కులు పడతాయి. ఒకటి మొదలుపెట్టి, రెండో పేజీలో కొట్టేసి, ఇంకోదానికి మారతారు. అడిగితే "మాస్టారూ, అన్నీ వచ్చినట్టే ఉన్నాయి, అందుకే తేల్చుకోలేకపోయాను" అంటారు.

ముందు సూచనలు చదివారా అని అడుగుతాను. ఏటా అడుగుతాను, ఏటా ఇద్దరు ముగ్గురు చదవకుండానే దొరుకుతారు. యూపీఎస్సీ మెయిన్స్ వ్యాసం పేపర్లో రెండు విభాగాలు, ఒక్కోదాంట్లో నాలుగు అంశాలు. ప్రతి విభాగం నుంచి ఒకటి చొప్పున రాయాలి. ఒక్కోటి వెయ్యి నుంచి పన్నెండు వందల పదాలు, 125 మార్కులు. మూడు గంటల్లో రెండు వ్యాసాలు. అంటే మీరు తేల్చుకోవాల్సింది ఎనిమిదింటిలో ఒకటి కాదు, నాలుగేసి చొప్పున రెండుసార్లు. ఒకే విభాగంలో రెండు నచ్చి రెండూ రాసేస్తే ఎంత బాగా రాసినా లాభం లేదు. ఈ ముప్పై సెకన్ల పని దయచేసి వదలకండి.

ఇప్పుడు అసలు కారణానికి వస్తాను. నేను కూడా చాలాకాలం దీన్ని పట్టుకోలేకపోయాను. పిల్లలకు సరుకు తక్కువైందనుకుని ఇంకా చదవమనేవాణ్ని. చదివినకొద్దీ జబ్బు ముదిరింది. ఎందుకంటే వాళ్లు పోల్చి చూస్తున్నది అంశాలను కాదు, అంశాల్లోని నామవాచకాలను. 2022 పేపరునే తీసుకోండి: అడవి గురించి తెలుసు, కవుల గురించి తెలుసు, చరిత్ర తెలుసు, ఓడ గురించి ఏదో ఒకటి చెప్పొచ్చు. కాబట్టి నాలుగూ సమానం. అంశంగా ఇచ్చిన వాక్యం అడవి గురించి ఏమంటోంది, ఓడ గురించి ఏమంటోంది అన్న దగ్గరికి వాళ్ల చూపు పోలేదు.

ఆ పేపరు మొదటి విభాగాన్ని మా దగ్గర సాధనకు పెట్టాను. అందులో ఒక అంశం అడవులు ఆర్థిక శ్రేష్ఠతకు మంచి అధ్యయన నమూనాలంటుంది. ఇంకోటి రేవులో ఓడ భద్రంగానే ఉంటుంది కానీ ఓడ ఉన్నది అందుకు కాదంటుంది. ఒక కుర్రాడు ఈ రెండింటి మధ్య ఇరవై అయిదు నిమిషాలు ఊగి, చివరికి అడవి రాశాడు. మనది అడవి జిల్లా కదా, ధైర్యం వచ్చింది. అతని రఫ్ కాగితం మీద ఆరు పాయింట్లున్నాయి: చెట్ల నరికివేత, వాతావరణ మార్పు, చిప్కో, అటవీ హక్కుల చట్టం, నియమగిరిలో 2013లో పన్నెండు గ్రామసభలు గనిని వద్దన్న సంగతి, మొక్కలు నాటడం.

"బాబూ, ఈ ఆరూ 'అడవులను కాపాడాలి' అన్న అంశం కింద పెడితే సరిపోతాయా?" అన్నాను. సరిపోతాయన్నాడు. "మరి ఈ పేపర్లో అడిగింది అదా?" అన్నాను. కాసేపు కాగితం వంక చూసి, పెన్ను కింద పెట్టేశాడు.

అక్కడ అడిగింది అడవి పని చేసే తీరు నుంచి ఆర్థిక వ్యవస్థ నేర్చుకోవాల్సింది ఏమిటని. రాలిన ఆకు ఎరువవుతుంది, ఏదీ వృథా పోదు. పెద్ద చెట్టు కింద చిన్నది, దాని కింద తీగ, ఎవరి వెలుగు వాళ్లది. ఒకే జాతి మొక్కలున్న తోటకు పురుగు పడితే తోటంతా పోతుంది, అడవి పోదు. అతని ఆరు పాయింట్లలో ఒక్కటీ ఈ దారిలో లేదు. నియమగిరి మన గుండెకు దగ్గరిది, నిజమే, కానీ అక్కడ జరిగింది అడవి మీద హక్కు ఎవరిదన్న తగువు. దాన్ని ఇందులోకి లాక్కొస్తే దిద్దేవాళ్లకు వేరే వ్యాసం కనిపిస్తుంది.

పరిష్కారం చిన్నదే. ఎనిమిదీ చదివాక ఒక్కో విభాగంలో నచ్చిన రెండింటిని పట్టుకోండి. ఒక్కోదానికి రెండు నిమిషాలు. ఆ వాక్యం ఏమంటోందో ఇంట్లో అమ్మకు చెప్పినట్టు తెలుగులో ఒక్క ముక్కలో రాయండి. ఇంగ్లిష్‌లోనో ఒడియాలోనో రాస్తే చదివిన పదబంధాలు వచ్చి కూర్చుంటాయి, అర్థమైందో లేదో మీకే తెలియదు. ఇంటిమాటలో ఆ వీలు లేదు. దాని కింద, ఆ మాట ఎక్కడ తప్పవుతుందో ఇంకో ముక్క. తర్వాత మూడు ఉదాహరణలు. ప్రతి ఉదాహరణా పై రెండు ముక్కల్లో ఒకదాన్ని బలపరచాలి. పరచకపోతే కొట్టేయండి.

ఆ కుర్రాడితో ఓడ అంశానికి అక్కడే ఇలా చేయించాను. వాక్యం అంటున్నది: "దెబ్బ తగులుతుందని కూర్చుంటే చేయాల్సిన పని మిగిలిపోతుంది." తప్పయ్యే చోటు: "ఎప్పుడు వెళ్లాలో తెలియకుండా వెళ్లడం ధైర్యం కాదు." ఉదాహరణలు అడిగితే, 1979లో ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం విఫలమైనా 1980లో మళ్లీ ప్రయోగించి రోహిణిని కక్ష్యలో పెట్టడం వెంటనే చెప్పాడు. రెండోది 1991 ఆర్థిక సంస్కరణలు. మూడోదానికి ఆగాడు. వాళ్ల మేనమామది గోపాల్‌పూర్ వైపు, చేపల వేట. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు మామ ఏం చేశాడని అడిగాను. "పడవ ఒడ్డుకు లాగి కట్టేశాడు మాస్టారూ" అన్నాడు. అదే రెండో ముక్కకు ఉదాహరణ. పడవ కట్టేసిన మనిషి పిరికివాడు కాదు, మళ్లీ వేటకు వెళ్లాలనుకున్నవాడు. నాలుగున్నర నిమిషాల్లో వ్యాసానికి ఎదురువాదనతో సహా వెన్నెముక దొరికింది.

అందరూ ఓడే రాయాలని కాదు. బిసంకటక్ వైపు నుంచి వచ్చే అమ్మాయి ఇదే పరీక్ష పెట్టుకుని అడవి రాసింది. ఎండాకాలం ఇప్పపువ్వు, తర్వాత తునికాకు, వానల్లో పుట్టగొడుగులు, విస్తళ్లకు అడ్డాకులు, ఒకటి పోతే ఇంకోటి ఆదుకునే ఏర్పాటు. ఆమె ఉదాహరణలన్నీ ఆ వాక్యం చెప్పిన మాట మీదే నిలబడ్డాయి. ఒకే అడవి, ఒకరికి పనికొచ్చింది, ఒకరికి రాలేదు.

పరీక్ష పెట్టాక కూడా రెండూ నిలబడితే పేపర్లో ముందున్నది తీసుకోండి, ఇక వెనక్కి చూడొద్దు. రెండు విభాగాలకూ కలిపి ఇరవై నిమిషాలు దాటకూడదు. ఇంకొకటి చూసుకోండి: రెండు వ్యాసాలకూ ఒకే ఉదాహరణలు రాకూడదు. అదే ఏడాది రెండో విభాగంలో ఎండ కాస్తున్నప్పుడే ఇంటికప్పు బాగుచేసుకోవాలన్న అంశం ఉంది. ఓడ రాసి అది కూడా పట్టుకుంటే ఫైలిన్ రెండు చోట్లా దూరుతుంది. అప్పుడు రెండోదానికి వేరే అంశం చూడాలి.

మిగతా కారణాలు అరుదు. తాత్విక అంశానికి ఎక్కువ మార్కులు వస్తాయని టెన్షన్ పడేవాళ్లుంటారు, ప్రతిదానికీ అవే 125. వాక్యంలో ఏదో మాట అసలు తెలియకపోతే ఆ అంశం వదిలేయండి, పక్కన ఇంకా మూడున్నాయి.

ఆ కుర్రాడి రఫ్ కాగితం నా దగ్గరే ఉంది. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు ముందు దాన్నే చూపిస్తాను, పై సగంలో కొట్టేసిన ఆరు పాయింట్లు, కింద సగంలో తెలుగులో రెండు ముక్కలు.