ఇన్విజిలేషన్ డ్యూటీలకు చీటీలు ఎలా తీయాలి?

శ్రీకాకుళం జిల్లా డిగ్రీ కళాశాలల్లో సెమిస్టర్ పరీక్షల డ్యూటీ చార్టులు పదిహేనేళ్లుగా వేస్తున్నాను. చీటీలు తీయడం అందరికీ వచ్చు. వాటిని ఏ వరుసలో తీయాలన్న దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు.

కావలసినవి కొన్నే. పరీక్షల టైంటేబుల్, అధ్యాపకుల జాబితా, ఒకే అట్టనుంచి ఒకే కొలతలో కత్తిరించిన చీటీలు, మూత ఉన్న ఒక స్టీలు డబ్బా ఉంటే చాలు. ప్లాస్టిక్ డబ్బా వద్దు, చీటీలు దాని గోడలకు అతుక్కుంటాయి. పలాస నుంచి రైలులో వచ్చేవారు ఫలానా పూట తమకు వీలు పడదనుకుంటే, ఆ మాట చీటీలు తీయకముందే రాసి ఇవ్వాలి. తీసిన తరువాత ఏ విన్నపమూ స్వీకరించకూడదు.

ఒక చిన్న చార్టు వేసి చూద్దాం. అధ్యాపకులు పదిమంది: కామర్స్ ముగ్గురు, తెలుగు, చరిత్ర, ఆర్థికశాస్త్రం ఇద్దరేసి, ఇంగ్లీషు ఒకరు. సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకొక పరీక్ష, నాలుగు గదులు. మొత్తం ఇరవై డ్యూటీలు కాబట్టి మనిషికి రెండు వస్తాయి. తాను బోధించే సబ్జెక్టు పరీక్ష నాడు ఎవరికీ డ్యూటీ పడకూడదు. ఆ వారం చివరి పరీక్ష కామర్స్ అనుకుందాం.

ఎక్కువమంది సోమవారంతో మొదలుపెట్టి తేదీల వరుసలో చీటీలు తీసుకుంటూ పోతారు. నాలుగు రోజులు సాఫీగా సాగుతుంది. శుక్రవారానికి వచ్చేసరికి నాలుగు డ్యూటీలు మిగిలి ఉంటాయి, వాటిలో ఒకటి కామర్స్ అధ్యాపకుడిదైతే ఆయనను ఆ రోజు వేయడానికి వీలుండదు. ఇంకొకరికి రెండు డ్యూటీలూ మిగిలిపోయి ఉంటే ఒకే పూట రెండు గదుల్లో ఉండలేరు. నేను మొదట్లో పనిచేసిన ఒకచోట ఇలాగే జరిగితే, గదిలో ఉన్న నలుగురూ కలిసి అక్కడ లేని ఒకరి పేరును బుధవారం నుంచి శుక్రవారానికి జరిపేశారు. మరునాడు ఆయన వచ్చి, "చీటీలో నా పేరు వచ్చిందా, మీరు పెట్టారా?" అని అడిగితే ఎవరి దగ్గరా సమాధానం లేదు.

కాబట్టి తేదీని పక్కనపెట్టి, ఎక్కువమందికి మినహాయింపు ఉన్న రోజును ముందు తీయాలి. ఇక్కడ అది శుక్రవారం. ముగ్గురు కామర్స్ వారి చీటీలు బయట పెట్టి, మిగిలిన ఏడింటిలోంచి నాలుగు తీయండి. తరువాత తెలుగు, చరిత్ర, ఆర్థికశాస్త్రం, చివరకు ఒక్కరే మినహాయింపు ఉన్న ఇంగ్లీషు. ప్రతి పూటకూ మనిషికి ఒక్క చీటీయే డబ్బాలో ఉండాలి; రెండు డ్యూటీలు పూర్తయినవారి చీటీ ఇక వేయకూడదు.

డబ్బా కదిపే ముందు ప్రతిసారీ చార్టులో ఒక లెక్క చూడాలి. ఒకరికి ఇంకా రావలసిన డ్యూటీలు, వారిని వేయడానికి మిగిలిన పూటలు సమానమైతే, వారిని చీటీ లేకుండానే ఆ పూటకు రాయాలి, వారు ఆ పూటకు అర్హులైతే. ఉదాహరణకు చరిత్ర పరీక్షకు తీసేనాటికి ఇంగ్లీషు అధ్యాపకురాలికి ఒక్క డ్యూటీ కూడా పడలేదనుకోండి. ఆమెకు మిగిలినవి చరిత్ర, ఆర్థికశాస్త్రం రెండే, రావలసినవీ రెండే. ఆమె పేరు ముందే రాసేసి, మిగిలిన మూడు గదులకు మాత్రమే చీటీలు తీయాలి. ఈ లెక్క విడిచిపెడితే చివర్లో ఆమె ఒక డ్యూటీ తక్కువ చేస్తుంది, ఆ భారం ఇంకొకరిపై మూడోదిగా పడుతుంది.

ఇంత చూసినా అరుదుగా ఎక్కడో ముడిపడుతుంది. అప్పుడు ఒక చీటీ మార్చి సరిపెట్టకండి, మొత్తం రద్దు చేసి మొదటినుంచి తీయండి. పది నిమిషాల పని.

కొందరు ఎక్సెల్‌లో `=RAND()` వాడమంటారు. షీటులో ఏదైనా గడి మార్చిన ప్రతిసారీ ఆ సంఖ్యలు మారిపోతాయి, విలువలుగా అతికించకపోతే నిన్నటి వరుస ఈరోజు ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, డబ్బాలోంచి తీస్తే పదిమందీ కళ్లారా చూస్తారు.

ఏ గది ఎవరికన్నది చార్టులో రాయకూడదు. పరీక్షకు అరగంట ముందు, సంతకం పెట్టేటప్పుడు, గది నంబర్ల చీటీలు విడిగా తీయించాలి. ఆ వారంలో కూర్చున్న గదే మళ్లీ ఎవరికైనా వస్తే నలుగురూ తిరిగి తీయాలి, ఇద్దరు మాట్లాడుకుని మార్చుకోవడానికి ఒప్పుకోకూడదు.